ట్రైనింగ్ పీపీటీలో కస్టమర్ వివరాలు దాచడం: బ్లర్ ఎందుకు చాలదు, ఏ వరసలో చేయాలి

ప్రశ్న: మాది మధురవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. గాజువాక ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపుల వాళ్లకి మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పడానికి పీపీటీ చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. స్క్రీన్‌షాట్లు ఒక కస్టమర్ లైవ్ డేటాలోంచి తీశాను. పవర్‌పాయింట్‌లోనే క్రాప్ చేసి, పేర్లు, జీఎస్టీ నంబర్లు బ్లర్ చేసి, బాణాలు పెట్టాను. క్లాస్ అయ్యాక ఫైల్ అందరికీ వాట్సాప్‌లో పంపాలి. "బ్లర్ తీసేస్తే అంతా కనబడిపోతుంది కదా" అని మా సార్ అంటున్నారు. నిజమేనా అండి? అయితే ఎలా చేయాలి?

జవాబు:

మీ సార్ చెప్పింది నిజమేనండి. ఆ ఫైల్ ఇంకా ఎవరికీ పంపకండి. ముందు మీ కళ్లతో మీరే చూసుకోండి, రెండు నిమిషాల పని.

పీపీటీకి ఒక కాపీ తీసి, దాని పేరు చివర ఉన్న `.pptx` తీసేసి `.zip` అని పెట్టండి. తెరిస్తే `ppt` అనే ఫోల్డర్, దాని లోపల `media` అనే ఫోల్డర్ ఉంటాయి. మీరు స్లైడుల్లో పెట్టిన బొమ్మలన్నీ అక్కడ `image1.png`, `image2.png` అంటూ వరసగా కనిపిస్తాయి. ఒక్కొక్కటీ తెరవండి. మీరు క్రాప్ చేసి తీసేశామనుకున్న భాగం అందులో చెక్కుచెదరకుండా ఉంటుంది. పవర్‌పాయింట్‌లో క్రాప్ అంటే బొమ్మని కత్తిరించడం కాదు, ఎంత మేర చూపించాలో గుర్తు పెట్టుకోవడం మాత్రమే. ఫైల్ అందుకున్నవాళ్లు బొమ్మ మీద క్లిక్ చేసి Crop నొక్కితే పక్కనున్నదంతా మళ్లీ ప్రత్యక్షం.

బ్లర్ సంగతీ ఇంతే. పవర్‌పాయింట్‌లో Artistic Effects కింద ఉండే Blur బొమ్మ మొత్తానికి పడుతుంది, ఒక ముక్కకే వేయడం కుదరదు. అందుకని చాలామంది అదే బొమ్మకి ఇంకో కాపీ తీసి, జీఎస్టీ నంబర్ ఉన్నంత మేర క్రాప్ చేసి, దాన్ని బ్లర్ చేసి అసలు బొమ్మ మీద పెడతారు. మీరూ అలాగే చేసి ఉంటారు. ఆ చిన్న ముక్కని మౌస్‌తో పక్కకి లాగితే కింద నంబర్ శుభ్రంగా కనిపిస్తుంది. లాగకపోయినా, Picture Format లో Reset Picture నొక్కితే ఆ బ్లర్ ఎగిరిపోతుంది. నల్ల దీర్ఘచతురస్రం గీసి కప్పినా పరిస్థితి మారదు, దాన్ని డిలీట్ చేయడానికి ఒక్క మీట చాలు.

పీడీఎఫ్ చేసి పంపేస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. సరిపోదు. స్లైడులో బొమ్మ ఒకటి, దాని మీద డబ్బా ఒకటి వేరువేరుగా ఉంటే, పీడీఎఫ్‌లో కూడా అవి వేరువేరు వస్తువులుగానే వెళ్లగలవు. పీడీఎఫ్‌లోంచి బొమ్మల్ని బయటకి లాగే ఉచిత టూల్స్ ఉన్నాయి. వాటికి మీ డబ్బాతో పనిలేదు, కింద ఉన్న బొమ్మని తీసి ఇచ్చేస్తాయి.

కాబట్టి ఒక్కటి మనసులో పెట్టుకోండి: దాచాల్సింది బొమ్మలోనే దాచాలి, చూపించాల్సింది స్లైడులో చూపించాలి. డబ్బాలు, క్రాపులు పవర్‌పాయింట్‌కి రాకముందే బొమ్మ ఫైల్లో అయిపోవాలి. బాణాల్లో రహస్యం ఏమీ లేదు కనక అవి పవర్‌పాయింట్‌లోనే ఉండొచ్చు. రేపు మీ సాఫ్ట్‌వేర్‌లో బటన్ చోటు మారితే జరుపుకోవడానికీ వీలు.

అసలు దాచే అవసరం లేకుండా చేసుకోవడం అన్నిటికంటే మేలు. సాఫ్ట్‌వేర్ మీదే కాబట్టి ఒక డెమో కంపెనీ తెరిచి "డెమో పార్టీ 1", "డెమో పార్టీ 2" అని నాలుగు పార్టీలు, పది ఐటమ్‌లు ఎక్కించండి. బిల్లు వేయడం, రిటర్న్ తీసుకోవడం, పేమెంట్ ఎక్కించడం లాంటి స్క్రీన్లన్నీ దాంట్లోనే తీయొచ్చు. నెలల తరబడి లావాదేవీలు ఉంటే తప్ప అర్థంకాని రిపోర్టులకి మాత్రమే లైవ్ డేటా జోలికి వెళ్లండి. అప్పుడు కూడా స్క్రీన్‌షాట్ తీసేముందే బ్రౌజర్‌లో వివరాలు మార్చేయొచ్చు. F12 నొక్కి Console లో ఇది టైప్ చేయండి:

```
document.designMode = "on"
```

ఇక పేజీలో ఏ అక్షరం మీదైనా క్లిక్ చేసి, వర్డ్‌లో దిద్దినట్టు దిద్దుకోవచ్చు. పార్టీ పేరు దగ్గర డెమో పార్టీ 1, ఫోన్ దగ్గర పది సున్నాలు. నోటికొచ్చిన పది అంకెలు వేయకండి, అది ఎవరిదో నిజం నంబరే అయి కూర్చుంటుంది. ఇలా మార్చింది మీ స్క్రీన్ మీదే, డేటాబేస్‌లోకి వెళ్లదు. పేజీ రిఫ్రెష్ చేస్తే పాతది వచ్చేస్తుంది. కానీ టైప్ చేసే గడులున్న ఫారమ్‌లో మారిస్తే మాత్రం పొరపాటున కూడా Save నొక్కొద్దు, అక్కడ మారినది నిజంగానే మారిపోతుంది.

ఇలా మార్చిన స్క్రీన్ చూసేవాళ్లకి కూడా బాగుంటుంది. బ్లర్ మచ్చలతో నిండిన బిల్లు చూసి నేర్చుకోవడం కష్టం. పార్టీ పేరు ఎక్కడ వస్తుందో, జీఎస్టీ నంబర్ ఎక్కడ పడుతుందో తెలియాలంటే అక్కడ ఏదో ఒకటి చదవగలిగేలా ఉండాలి.

మార్చడం కుదరని చోట డబ్బా వేయండి, బ్లర్ వద్దు. మొజాయిక్ అసలే వద్దు. ఎందుకో మీ కేసులోనే చూడండి. బిల్లులో మొబైల్ నంబర్ ఉంది. దాన్ని గళ్లు గళ్లుగా మొజాయిక్ చేశారు. ఈ పీపీటీ అందుకునే షాపులన్నిటిలో మీ సాఫ్ట్‌వేరే ఉంటుంది. అంటే అదే స్క్రీన్, అదే ఫాంట్, అదే సైజు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నట్టే. ఒకడు తన స్క్రీన్‌లో అదే చోట మొదటి అంకెగా 6 వేసి, అదే మొజాయిక్ చేసి మీ బొమ్మతో పోల్చి చూస్తాడు. గళ్ల రంగులు కలవకపోతే 7, తర్వాత 8. ఒకటి కలుస్తుంది. అక్కడినుంచి రెండో అంకెకి వెళ్తాడు. పది అంకెలకీ ఒక్కో అంకెకి పది ప్రయత్నాలు, అంటే మొత్తం వంద. అంకెలు విడివిడిగా దొరికిపోతున్నాయి కనక వెయ్యి కోట్ల నంబర్లూ వెతకాల్సిన పనిలేదు. ఒక గడిలో రెండు అంకెల ముక్కలు కలిస్తే కొంచెం కష్టమవుతుంది తప్ప ఆగిపోదు. ఈ పని చేసిపెట్టే డీపిక్స్, అన్‌రిడాక్టర్ లాంటి టూల్స్ కొన్నేళ్లుగా ఉచితంగానే దొరుకుతున్నాయి. బ్లర్ మీద కూడా ఇదే పోల్చే పద్ధతి పనిచేస్తుంది. బ్లర్ అంటే అంకెల సమాచారాన్ని పలచగా పరచడమే గానీ తుడిచేయడం కాదు. నిండు రంగు డబ్బాలో అయితే పోల్చడానికి ఏమీ మిగలదు.

డబ్బా రంగు కూడా చెప్తాను. నలుపు వేస్తే చూసేవాడి కళ్లన్నీ దాని మీదకే పోతాయి, నేర్పాల్సిన బటన్ వెనకబడుతుంది. లేత బూడిద రంగు వేయండి, పేజీలో కలిసిపోతుంది. పొడవు మాత్రం అన్నిచోట్లా ఒకటే పెట్టండి. పేరు ఎంత ఉంటే అంతే డబ్బా వేస్తే, పొడవుని బట్టి ఏ షాపో ఊహించేస్తారు. ఆటోనగర్‌లో ఒకళ్లకొకళ్లు తెలియనివాళ్లు ఎవరున్నారు? ఫోన్లో ఫోటో మీద మార్కర్‌తో గీసే అలవాటుంటే మానుకోండి. హైలైటర్ రకం గీతలు పారదర్శకంగా ఉంటాయి, నల్లగా కనిపిస్తున్నా వెలుతురు పెంచితే కింద అక్షరాలు తేలతాయి.

డబ్బా వేయడానికి మామూలు పెయింట్ చాలు. దీర్ఘచతురస్రం ఎంచుకుని, Fill లో Solid color పెట్టి గీసి, కొత్త పేరుతో పీఎన్‌జీగా సేవ్ చేయండి. షేర్‌ఎక్స్, గ్రీన్‌షాట్ కూడా బాగుంటాయి. అయితే గ్రీన్‌షాట్ సొంత ఫార్మాట్ `.greenshot` లో సేవ్ చేస్తే లోపల పొరలు అలాగే ఉంటాయి, దిద్దుకోవడానికి అది మీ దగ్గర ఉంచుకోండి, బయటికి పంపేది పీఎన్‌జీనే. ఒకే సైజు విండోతో తీసిన స్క్రీన్‌షాట్లు చాలా ఉండి, అన్నిట్లో పార్టీ పేరు ఒకే చోట వస్తుంటే, ఇమేజ్‌మ్యాజిక్‌తో ఒక్కసారిగా చేయొచ్చు:

```
mkdir safe
magick mogrify -path safe -fill "#C8C8C8" -draw "rectangle 310,180 690,206" -strip *.png
```

310,180 అనేది డబ్బా ఎడమ పై మూల, 690,206 కుడి కింద మూల. మీ స్క్రీన్‌లో ఆ కొలతలు ఎంతో పెయింట్‌లో బొమ్మ తెరిచి మౌస్ ఆ మూల మీద పెడితే కింద ఎడమవైపు కనిపిస్తాయి. పాత ఫైళ్లు కదలవు, కొత్తవి `safe` ఫోల్డర్‌లో పడతాయి.

పాత పేరు మీదే సేవ్ చేయొద్దని నేను గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. 2023 మార్చిలో విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో, విండోస్ 10 స్నిప్ అండ్ స్కెచ్‌లో, గూగుల్ పిక్సెల్ ఫోన్ల మార్కప్‌లో ఒకే రకం లోపం బయటపడింది. ఎక్రోపలిప్స్ అన్నారు దాన్ని. ఒక బొమ్మని క్రాప్ చేసి అదే ఫైల్ మీద సేవ్ చేస్తే, కొత్త చిన్న బొమ్మ ఫైల్ మొదట్లో కూర్చునేది గానీ, వెనక మిగిలిన పాత బొమ్మ బైట్లు తుడుచుకుపోయేవి కావు. వాటిలోంచి క్రాప్ చేసిన భాగాన్ని చాలావరకు తిరిగి లాగగలిగారు. అప్‌డేట్లతో టూల్స్ బాగుపడ్డాయి, కానీ అంతకుముందు తీసిన ఫైళ్లు వాటంతట అవి బాగుపడవు. మీ సర్వర్‌లో ఉన్న పాత స్క్రీన్‌షాట్లు వాడుతుంటే, ఒకసారి పెయింట్‌లో తెరిచి కొత్త పేరుతో సేవ్ చేసుకుంటే చాలు, ఆ తోక పోతుంది.

ఇప్పుడు ఏం దాచాలనేది. మీరు పేర్లు, జీఎస్టీ నంబర్లు అన్నారు. ఒక బిల్లు స్క్రీన్ తీసుకుని పైనుంచి కిందకి చూద్దాం.

పైన బ్రౌజర్ అడ్రస్ బార్. దాంట్లో కస్టమర్ ఐడీ, బిల్లు నంబర్ ఉంటాయి, ఒక్కోసారి లాగిన్ టోకెన్ కూడా. పక్క ట్యాబుల పేర్లలో మీ మెయిల్ సబ్జెక్టులు. ఇదంతా క్రాప్‌లోనే పోవాలి, పేజీ మొదలైన చోటునుంచి తీసుకోండి. కుడి పైమూల లాగిన్ అయినవాళ్ల పేరు ఉంటుంది, దాన్ని అందరూ మర్చిపోతారు.

తర్వాత జీఎస్టీ నంబర్. 15 అక్షరాలు. మొదటి రెండు రాష్ట్రం కోడ్, మన ఆంధ్రకి 37. ఆ తర్వాతి పది అక్షరాలు అచ్చంగా ఆ పార్టీ పాన్ నంబర్. 37ABCDE1234F1Z5 అని ఉంటే మధ్యలో ABCDE1234F పాన్. ఒక స్లైడులో పాన్ గడి మీద డబ్బా వేసి, దాని కిందే జీఎస్టీ నంబర్ వదిలేసిన పీపీటీలు నేను చూశాను. ఆటోనగర్ షాపుల్లో సొంత పేరుమీద నడిపేవాళ్లు ఎక్కువ, వాళ్లకి అది వ్యక్తిగత పాన్. మొదటి కొన్ని అక్షరాలు వదిలి చివర దాచడం కూడా వద్దు, పాన్‌లో నాలుగో అక్షరం వ్యక్తి అయితే P అనీ, అయిదోది ఇంటిపేరు మొదటి అక్షరం అనీ తెలిసినవాళ్లకి ఆ కొన్ని అక్షరాలే చాలా చెప్తాయి. మొత్తం కప్పేయండి.

కింద యూపీఐ క్యూఆర్ ఉంటే దాన్ని చూసి ఇదేదో గళ్ల బొమ్మ అని వదిలేయొద్దు. స్కాన్ చేస్తే యూపీఐ ఐడీ, పేరు వచ్చేస్తాయి, చాలామంది ఐడీలో ఫోన్ నంబరే ఉంటుంది. సగం కప్పితే చాలనుకోకండి. క్యూఆర్‌లో పాడైన భాగాన్ని తిరిగి కట్టుకునే ఏర్పాటు ఉంటుంది, గట్టి స్థాయిలో తయారైన కోడ్ సుమారు 30 శాతం పోయినా చదవబడుతుంది. మొత్తం మీద డబ్బా వేసి "ఇక్కడ క్యూఆర్ వస్తుంది" అని రాయండి.

ఇక మీరు అడగనిది, మీ కేసులో అన్నిటికంటే పెద్దది. మీ క్లాసులో కూర్చునేవాళ్లు ఎవరు? ఆ కస్టమర్‌కి పోటీ షాపుల వాళ్లు. వాళ్లకి జీఎస్టీ నంబర్‌తో పనిలేదు. బ్రేక్ ప్యాడ్ ఎంతకి కొన్నాడు, గ్యారేజీ వాళ్లకి డిస్కౌంట్ ఎంతిస్తున్నాడు, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది, ఇవే కావాలి. కొనుగోలు రేటు, డిస్కౌంట్ శాతం, బాకీ రిపోర్టు: ఈ మూడు గడుల్లో అంకెలు తప్పనిసరిగా మార్చండి. పేరు దాచారు కదా, అంకెలుంటే ఏమిటి అనుకోవద్దు. బిల్లు తేదీ, వాహనం నంబర్, సరుకు పేరు చూసి "ఇది ఫలానావాడి షాపే" అని ముందు బెంచీలోనే చెప్పేస్తారు. అలాగే పార్టీ పేరు టైప్ చేసేటప్పుడు కిందకి జారే జాబితా ఉంటుంది చూశారా, దాంట్లో మిగతా పార్టీల పేర్లన్నీ వస్తాయి. సెర్చ్ ఎలా చేయాలో చూపించే స్లైడులో అదే దొరికిపోతుంది.

క్రాప్, బాణాల సంగతి దీనితో పోలిస్తే తేలిక. వెడల్పు స్లైడు 13.33 అంగుళాలు. 1920 పిక్సెళ్ల స్క్రీన్ మొత్తం దాంట్లో పెడితే వాట్సాప్‌లో ఫోన్‌మీద చూసేవాడికి ఏ అక్షరమూ కనిపించదు. చూపించాల్సిన బటన్ చుట్టూ 900 నుంచి 1000 పిక్సెళ్ల వెడల్పు మేర కత్తిరిస్తే అక్షరాలు దాదాపు రెట్టింపవుతాయి. బటన్ ఒక్కటే కత్తిరించకండి, అది పేజీలో ఎక్కడుందో తెలియదు. పేజీ పేరు గానీ ఎడమ మెనూ గానీ ఒక అంచున కనబడేలా ఉంచండి. అన్ని స్క్రీన్‌షాట్లూ ఒకే బ్రౌజర్ జూమ్‌లో తీయండి, లేకపోతే స్లైడు మారినప్పుడల్లా అక్షరాల సైజు మారి చూసేవాళ్లు తికమక పడతారు. File, Options, Advanced లో Do not compress images in file టిక్ పెట్టుకుంటే సేవ్ చేసినప్పుడు అక్షరాలు మసకబారవు.

బాణం స్లైడుకి ఒకటే. 3 పాయింట్ల మందం, ఖాళీ చోట మొదలై బటన్ అంచుకి కాస్త ముందే ఆగాలి, బటన్ పేరుమీద ఎక్కకూడదు. మీ సాఫ్ట్‌వేర్‌లో లేని రంగు ఎంచుకోండి. పసుపు మాత్రం వద్దు, మధ్యాహ్నం కిటికీలు తెరిచిన హాల్లో ప్రొజెక్టర్ మీద అది కనిపించదు. ఒకే స్క్రీన్‌లో మూడు క్లిక్‌లు చూపించాలంటే మూడు బాణాలు ఒకదాని మీదొకటి పోనివ్వకుండా 1, 2, 3 అని గుండ్రటి అంకెలు పెట్టి, అదే వరసలో పక్కన వాక్యాలు రాయండి. చివర్లో బొమ్మ, బాణం కలిపి ఎంచుకుని Ctrl+G నొక్కితే జరిపినప్పుడు విడిపోవు.

ఇప్పటికే చేసిన స్లైడుల్ని మళ్లీ కట్టాల్సిన పనిలేదు. శుభ్రం చేసిన బొమ్మని పాతదాని కొలతలకే తయారుచేసుకుని, స్లైడులో పాత బొమ్మమీద రైట్ క్లిక్ చేసి Change Picture ఇస్తే బాణాలు ఉన్నచోటే ఉంటాయి. పాత క్రాప్ మాత్రం అంటుకుని రావచ్చు, ఒకసారి చూసుకోండి. పైన పెట్టిన బ్లర్ ముక్కలు కూడా డిలీట్ చేయాలి, అవి కూడా అసలు బొమ్మ కాపీలే. క్లాస్ రేపే ఉంది, టైమ్ లేదు అంటే Save As లో PowerPoint Picture Presentation అని ఒక రకం ఉంది, ప్రతి స్లైడునీ ఒకే బొమ్మగా కరిగించేస్తుంది. అందులో క్రాప్ చేసినది వెనక్కి రాదు, డబ్బాలు ఊడిరావు. కానీ మొజాయిక్, బ్లర్ ఉన్నచోట అవి అలాగే ఉంటాయి, కాబట్టి ముందు వాటి మీద నిండు డబ్బాలు వేశాకే ఇది చేయండి.

పంపేముందు మళ్లీ ఆ `.zip` పరీక్షే. ఈసారి `media` తో ఆగకండి. `media` లోనే `.wdp` అని చివర ఉన్న ఫైల్ ఏదైనా కనిపిస్తే, ఎక్కడో Artistic Effects వాడిన బొమ్మ అసలు రూపం ఇంకా మిగిలి ఉందన్నమాట. `docProps` లో `thumbnail.jpeg` ఉంటే తెరిచి చూడండి, మొదటి స్లైడు బొమ్మ అది. `ppt` లోపల `embeddings` అనే ఫోల్డర్ ఉంటే మరీ జాగ్రత్త. ఎక్సెల్‌లోంచి అమ్మకాల గ్రాఫ్ ఒకటి తెచ్చి అతికించారంటే, గ్రాఫ్‌తో పాటు ఆ ఎక్సెల్ ఫైల్ మొత్తం, మిగతా షీట్లతో సహా, అక్కడ కూర్చుని ఉండొచ్చు. అలాంటి గ్రాఫ్‌ని కట్ చేసి, Paste Special లో Picture గా అతికించండి. పవర్‌పాయింట్‌లోని Inspect Document కూడా నడపండి, నోట్స్, కామెంట్లు, ఫైల్ తయారుచేసినవాళ్ల పేరు లాంటివి పట్టిస్తుంది. బొమ్మ లోపల రాసి ఉన్న ఫోన్ నంబర్ దానికి కనిపించదు, `media` ఫోల్డర్‌లో బొమ్మల్ని ఒక్కొక్కటిగా తెరిచి చూడాల్సింది మీరే. వీలైతే ఆ స్లైడులు చేయని ఇంకొకరిచేత చూపించండి, అలవాటైన కంటికి మూలన ఉన్న పేరు తప్పిపోతుంది.